మ్యాప్ లేదు, దిక్సూచి లేదు: 4,000 కిలోమీటర్ల సముద్రం దాటి దీవిని ఎలా పట్టుకున్నారు?

ఈసారి ఎపిసోడ్ స్టూడియోలో కాదు, మొయినాబాద్‌లో మా మేడ మీద. మే నెల, రాత్రి తొమ్మిది. కరెంట్ ఉంది కానీ లైట్లన్నీ నేనే ఆపేశా. వీడియోలో నా ముఖం సరిగ్గా కనపడకపోతే ఏమనుకోకండి, ఈ రోజు చూడాల్సింది నన్ను కాదు, పైన ఆకాశాన్ని.

ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్పి మొదలుపెడతా. మొన్న డిసెంబర్‌లో చేవెళ్ల దాటి లోపలికి ఒక ఫ్రెండ్ వాళ్ల తోటకు వెళ్లాను. తిరిగి బయలుదేరేసరికి రాత్రి పది. మట్టి రోడ్డు, రెండు పక్కలా పూల షెడ్లు, టమాటా చేలు. సగం దారిలో ఫోన్ చచ్చిపోయింది. ముందు రోడ్డు రెండుగా చీలింది. బైక్ ఆపి నిలబడ్డా. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న ఏరియా అది. ఎటు వెళ్లాలో మాత్రం తెలీలేదు. ఎందుకంటే ఇరవై ఏళ్లలో నేను దారి చూడలేదు, ఫోన్ చూశా.

చివరికి ఎలా బయటపడ్డానంటే, ఒక వైపు ఆకాశం కింది అంచు పసుపుగా వెలుగుతోంది. అది హైదరాబాద్. చేవెళ్ల నుంచి చూస్తే సిటీ తూర్పున ఉంటుంది. ఆ వెలుగు వైపు వెళ్లే దారి పట్టుకున్నా, పావుగంటలో మర్రిచెట్ల రోడ్డెక్కా. చుక్కలు చూసి కాదు, ఏ గొప్పా లేదు. కానీ ఇంటికొచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. భూమ్మీద, రోడ్డు ఉండి, ఊరి వెలుగు ఉండి నేనింత తడబడ్డానే. మరి పసిఫిక్ మహాసముద్రంలో, నెల రోజుల పాటు చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేనిచోట, ఇనుప మేకు ఒక్కటి కూడా లేని పడవల్లో వెళ్లి చిన్న చిన్న దీవుల్ని పట్టుకున్న వాళ్లు ఉన్నారు కదా, వాళ్లు అసలు ఏం చూశారు?

ఆ ప్రశ్నకు జవాబే ఈ ఎపిసోడ్.

పసిఫిక్‌లో ఒక పెద్ద త్రికోణం ఊహించుకోండి. పై కొనలో హవాయి, కుడి కింద ఈస్టర్ దీవి, ఎడమ కింద న్యూజిలాండ్. ఈ మూడింటి మధ్యలో ఉన్న దీవుల్ని పాలినేషియా అంటాం. దాదాపు 3,000 ఏళ్ల క్రితం ఈ జనాల పూర్వీకులు ఫిజీ, టోంగా, సమోవా దాకా వచ్చారు. తర్వాత చాలాకాలం ఆగి, సుమారు వెయ్యేళ్ల క్రితం నుంచి ఏడు వందల ఏళ్ల క్రితం లోపు ఆ మూడు కొనలకూ చేరిపోయారు. ఒట్టి మనుషులే కాదు. కోళ్లు, కుక్కలు, చేమదుంప మొక్కలు, పిల్లాపాపలతో సహా. ఫిజీ అంటే గుర్తొచ్చింది, 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల్లో కూలీలుగా అక్కడికి వెళ్లారు. వాళ్లు వెళ్లింది పొగ ఓడల్లో, దిక్సూచి పెట్టుకున్న కెప్టెన్లతో. అదే దీవికి మూడు వేల ఏళ్ల ముందు తెరచాప పడవల్లో వచ్చినవాళ్లున్నారు.

అయితే ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది పండితులు దీన్ని నమ్మలేదు. న్యూజిలాండ్‌కు చెందిన ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు 1950ల్లో గట్టిగా వాదించాడు: అంత దూరాలు కావాలని వెళ్లి తిరిగి రావడం కుదిరే పని కాదు, చేపలు పట్టడానికి వెళ్లి గాలికి కొట్టుకుపోయినవాళ్లే ఈ దీవుల్లో తేలారు అని. అంటే ఆ జనాల పూర్వీకులు నావికులు కాదు, దారి తప్పినవాళ్లు అన్నమాట. హవాయి పిల్లలు తమ తాతముత్తాతల గురించి వినాల్సి వచ్చిన మాట అది. ఒక్కసారి మనకు అన్వయించుకుని చూడండి, ఎలా ఉంటుందో.

దీనికి జవాబు రెండు రకాలుగా వచ్చింది. 1973లో గాలులు, ప్రవాహాల లెక్కలతో కంప్యూటర్‌లో లక్షకు పైగా కొట్టుకుపోయే ప్రయాణాలు నడిపి చూశారు. కొట్టుకుపోతూ హవాయి చేరే అవకాశం దాదాపు సున్నా. రెండో జవాబు ఒక పడవ. అదే సంవత్సరం హవాయిలో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ పెట్టారు. 19 మీటర్ల పొడవున్న జంట పడవ కట్టారు. రెండు పడవల్ని పక్కపక్కన అడ్డదూలాలతో కలిపి, పైన చెక్కల వేదిక, రెండు తెరచాపలు. దాని పేరు హోకులేఅ. ఆ పేరుకి అర్థం ఆనంద నక్షత్రం. ఏ నక్షత్రమో కాసేపట్లో చూపిస్తా, మీకు పేరు తెలిసిన చుక్కే.

పడవ ఉంది, నడపాల్సినవాడు లేడు. హవాయిలో ఆ విద్య ఎప్పుడో పోయింది. దాంతో మైక్రోనీసియాలో సతావల్ అనే దీవి నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. పేరు మావ్ పియాయిలుగ్. సతావల్ ఎంతుంటుందో తెలుసా? ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. మన గండిపేట చెరువులో అలాంటివి చాలానే పడతాయి. మావ్ 1932లో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే తాత ఎంచుకున్నాడు, వీడు నావికుడు కావాలని. సముద్రం ఒంటికి అలవాటు కావాలని ఒడ్డున నీటి గుంటల్లో కూర్చోబెట్టేవాడట. తర్వాత చాప మీద పగడపు ముక్కలు గుండ్రంగా పేర్చి పాఠాలు.

ఆ గుండ్రమే మొదటి పాఠం. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

చుక్కలు రాత్రంతా కదులుతాయి కదా, మరి వాటితో దిక్కు ఎలా తెలుస్తుంది? ఇక్కడే కిటుకుంది. చుక్క కదులుతుంది కానీ అది ఉదయించే చోటు కదలదు. చలికాలంలో ఒరయన్ నడుం దగ్గర వరసగా మూడు చుక్కలు చూసుంటారు. అందులో ముందుగా పైకొచ్చే చుక్క దాదాపు కచ్చితంగా తూర్పున ఉదయిస్తుంది, పడమరన అస్తమిస్తుంది. మొయినాబాద్‌లో అయినా అంతే, తహితిలో అయినా అంతే. ప్రతి చుక్కకూ ఇలా ఒక లేచే చోటు, ఒక దిగే చోటు ఉంటాయి. మావ్ చాప మీది పగడపు ముక్కలు 32. అవి ఆ చోట్లే. మధ్యలో పడవ, చుట్టూ 32 గుమ్మాలున్న ఇల్లు అనుకోండి. ఏ చుక్క ఏ గుమ్మంలోంచి వస్తుంది, దాని ఎదురు గుమ్మం ఏది, అన్నీ నోటికి రావాలి. వాళ్ల లెక్కలో తూర్పుకు పెద్ద గుర్తు ఆల్టెయిర్. మన పంచాంగంలో దాన్నే శ్రవణం అంటాం.

ఇందులో ఒక చిక్కుంది. చుక్క అంచు మీద ఉన్నంతసేపే అది దిక్కు చెబుతుంది. పైకి ఎక్కేకొద్దీ పక్కకు వాలుతుంది. మన దగ్గర తూర్పున లేచిన చుక్క గంట తర్వాత చూస్తే దక్షిణం వైపు నాలుగు డిగ్రీలు జరిగి ఉంటుంది. అందుకని ఒక చుక్క పైకెళ్లిపోగానే, అదే గుమ్మంలోంచి వచ్చే తర్వాతి చుక్కను పట్టుకోవాలి. అది కూడా ఎక్కిపోతే ఇంకోటి. ఒక రాత్రికి పది చుక్కల వరస కావచ్చు. మబ్బు పడితే? ముందు కనపడకపోతే వెనక దిగుతున్న చుక్కను పడవ తోక వైపు పెట్టుకుంటారు. అదీ కనపడకపోతే అలలు. దానికి కాసేపట్లో వస్తా.

ఇది దిక్కు సంగతి. ఎంత దూరం వచ్చామో ఎలా తెలుస్తుంది? ఉత్తర దక్షిణాల్లో ఎక్కడున్నామో తెలుసుకోవడం తేలికే, ఇప్పుడు ఈ మేడ మీదే చేసి చూపిస్తా.

చెయ్యి చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఉత్తరం వైపు తిరిగితే, పిడికిలిన్నర పైన, కొంచెం మసగ్గా ఒక చుక్క. అదే ధ్రువ నక్షత్రం. మన చేవెళ్ల, మొయినాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి కాబట్టి ధ్రువం కూడా 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. హవాయిలో 20 డిగ్రీలు. దక్షిణానికి ప్రయాణం చేస్తుంటే రోజురోజుకీ కిందికి దిగి, భూమధ్యరేఖ దగ్గర నీళ్లలో మునిగిపోతుంది.

ఇప్పుడు దక్షిణం వైపు తిరగండి. మా ఇంటి వెనక చింతచెట్టు పక్కన, నాలుగు చుక్కలు గాలిపటంలా నిలబడ్డాయి చూడండి. సదరన్ క్రాస్ అంటారు. పై చుక్కకీ కింది చుక్కకీ మధ్య ఆరు డిగ్రీలు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు కలిపితే అయిదు డిగ్రీలు, అంతకంటే కాస్త ఎక్కువ. హవాయిలో ఇది నిటారుగా నిలబడినప్పుడు కింది చుక్క నుంచి సముద్రం అంచుకు కూడా సరిగ్గా అదే ఆరు డిగ్రీలు. రెండు ఖాళీలూ సమానమైతే చాలు, హవాయి అక్షాంశానికి వచ్చేశామని అర్థం. ఏ పరికరం లేదు, కొలత బద్ద ఆకాశంలోనే ఉంది. మన దగ్గర కింది ఖాళీ ఎక్కువ, దాదాపు తొమ్మిదిన్నర డిగ్రీలు. అంటే మనం హవాయి కంటే కొంచెం దక్షిణాన ఉన్నాం అన్నమాట.

ఇంకో పద్ధతి, నడినెత్తి చుక్క. తూర్పు వైపు బాగా ఎత్తులో నారింజ రంగులో మెరుస్తున్న పెద్ద చుక్క కనిపిస్తోందా? ఇంగ్లీషులో ఆర్క్‌టరస్. మనకు స్వాతి. ఇంకో రెండు గంటల్లో అది దాదాపు మన నెత్తి మీదికి వస్తుంది, రెండు డిగ్రీలు కూడా తేడా ఉండదు. హవాయిలో కూడా నడినెత్తి మీద నుంచి పోతుంది. హోకులేఅ అంటే ఈ స్వాతే. తహితి నుంచి తిరిగి వస్తుంటే, స్వాతి నెత్తి మీదికి వచ్చిందంటే హవాయి ఎత్తుకు చేరినట్టు. తహితికి నడినెత్తి చుక్క సిరియస్, మన మృగవ్యాధుడు. తమాషా ఏంటంటే తహితి భూమధ్యరేఖకు దక్షిణాన 17 డిగ్రీల మీద ఉంటుంది. మన చేవెళ్లకు అద్దంలో బొమ్మ.

కాకపోతే దీన్ని మరీ గొప్పగా ఊహించుకోకండి. నడినెత్తి ఎక్కడో కచ్చితంగా చెప్పడం, అదీ ఊగే పడవలో పడుకుని, చాలా కష్టం. ఒక్క డిగ్రీ తప్పు పోతే నీళ్ల మీద 111 కిలోమీటర్లు తేడా.

అసలు సమస్య ఇంకోటి. చుక్కలు ఉత్తర దక్షిణాలు చెబుతాయి, తూర్పు పడమరల్లో ఎంత జరిగామో చెప్పవు. అది కొలవాలంటే గడియారం కావాలి. గడియారం లేని నావికుడు ఏం చేశాడు? ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

హవాయి నుంచి తహితి దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. తహితి అటూ ఇటూ కొలిస్తే అరవై కిలోమీటర్ల లోపు. దిక్కులో ఒక్క డిగ్రీ తేడా వస్తే చివర్లో 70 కిలోమీటర్లు పక్కకు పోతాం. అంటే గురి పెట్టి కొట్టడం కుదరదు. పైగా తహితి హవాయికి సూటిగా దక్షిణాన లేదు, ఏడు వందల కిలోమీటర్ల పైన తూర్పుకు జరిగి ఉంది. గాలేమో తూర్పు నుంచే వీస్తుంది, పడవను పడమరకు నెడుతుంది. ఒకసారి తహితి దాటి పడమరకు పోయామా, తెరచాపతో ఎదురుగాలిలో వెనక్కి రావడానికి ప్రాణం పోతుంది.

అందుకని వాళ్లు తహితి మీద గురి పెట్టరు. కావాలని ఇంకా తూర్పుకు పోతారు. తహితికి తూర్పున, ఈశాన్యాన తువమోతు అనే దీవుల గుంపు వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంటుంది. వల పరిచినట్టు. ఎక్కడో ఒకచోట ఆ వలలో పడితే చాలు. పడ్డాక ఇది ఏ దీవో గుర్తుపట్టి, గాలి వాలుకు తహితికి దిగిపోవడం రెండు మూడు రోజుల పని. మనం కూడా అంతేగా, చీకట్లో ఊరికి దారి తెలియనప్పుడు ముందు మెయిన్ రోడ్డు పట్టుకుంటాం, ఆ రోడ్డు మీద ఊరు ఎటో తర్వాత చూసుకుంటాం.

ఇంకో మాట. ఆ నెల రోజులూ ఎక్కడున్నామో లెక్క తలలోనే నడవాలి. హవాయి నావికులు తర్వాత వాడిన ఒక పద్ధతి చెబుతా. ముందు దూలం దగ్గర నీటి బుడగను చూసి, అది వెనక దూలం దాటేదాకా లెక్కపెడతారు. రెండిటి మధ్య సుమారు 13 మీటర్లు. అయిదు సెకన్లు పట్టిందంటే వేగం గంటకు తొమ్మిది కిలోమీటర్ల చిల్లర. మావ్ దీవిలో అయితే ఇంకో విచిత్రమైన ఊహ ఉంది, ఎతక్ అంటారు. పడవ కదలదు, పడవ చుట్టూ సముద్రం, దీవులు వెనక్కి జరుగుతుంటాయి అని వాళ్లు లెక్క కడతారు. పక్కన, కంటికి కనపడనంత దూరంలో ఉన్న ఒక దీవిని మనసులో పెట్టుకుని, అది ఇప్పుడు ఏ చుక్క గుమ్మం కిందికి వచ్చింది, తర్వాత ఏ గుమ్మం కిందికి వస్తుంది అని చూస్తారు. మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూస్తే నవ్వొచ్చింది. నీలం చుక్క మధ్యలో కదలకుండా ఉంటుంది, మ్యాపే కిందికి జరుగుతుంది కదా. అదే పద్ధతి!

ఇప్పుడు అలలు. పగలు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద ఉంటే దిక్కు తెలీదు. రాత్రి మబ్బు పడితే చుక్క ఉండదు. అప్పుడు సముద్రమే దిక్కు. అలలు రెండు రకాలు. ఇప్పుడు వీస్తున్న గాలికి లేచే చిన్న అలలు ఒకటి. అవి గాలి మారితే మారిపోతాయి, నమ్మకూడదు. రెండోది, వేల కిలోమీటర్ల దూరంలో ఎప్పుడో వీచిన గాలికి పుట్టి, ఆగకుండా వస్తూ ఉండే పెద్ద నిదానమైన ఉబ్బు. దాని దిక్కు రోజుల తరబడి మారదు. సూర్యుడు ఉదయించేటప్పుడు నావికుడు చూసుకుంటాడు, ఈ ఉబ్బు ఏ గుమ్మం నుంచి వస్తోందో. ఇక రోజంతా దానికి పడవ ఒకే కోణంలో ఉండేట్టు చూస్తే చాలు. ఒకేసారి రెండు మూడు దిక్కుల నుంచి ఉబ్బులు వస్తుంటాయి, వాటిని విడదీసి పోల్చుకోవాలి. జంట పడవలో ముందు ఏ పక్క లేచింది, తర్వాత ఏ పక్క, ఆ ఊపు ఒంటికి తెలియాలి. మావ్ చీకట్లో పడవ లోపల పడుకుని ఒంటితో దాన్ని పోల్చుకునేవాడు. మనం బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా, ఊరి దగ్గర మలుపు రాగానే తెలిసిపోతుంది చూడండి, అలాంటిది.

మార్షల్ దీవుల్లో ఈ ఉబ్బులు దీవికి తగిలి ఎలా వంగుతాయో, ఎక్కడ కలుస్తాయో కొబ్బరి ఈనెలు, గవ్వలతో బొమ్మలు కట్టేవాళ్లు. చాలామంది అది సముద్రంలో చూసే మ్యాప్ అనుకుంటారు. కాదు. ఒడ్డునే కూర్చుని నేర్చుకుంటారు, పడవ ఎక్కేటప్పుడు ఇంట్లో వదిలేస్తారు.

సరే, 1976కి వద్దాం. మే 1న హోకులేఅ మావి దీవి నుంచి బయలుదేరింది. దిక్సూచి లేదు, చార్టు లేదు, గడియారం లేదు. మావ్ అంతకుముందు భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోయినవాడు కాదు. ఆ ఆకాశం ఆయనకు కొత్త. దాన్ని హవాయిలో ప్లానెటేరియంలో కూర్చుని ముందే నేర్చుకున్నాడు. ఈ సంగతి దాచాల్సిన పని లేదు. తాతల చుక్కల విద్య అంత పక్కాగా ఉంటేనే కొత్త ఆకాశాన్ని దానిమీద పేర్చుకోగలిగాడు. ఆయన నిద్రపోయిందే తక్కువ. నావికుడు పడుకుంటే లెక్క తెగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోయే చోటు ఒకటుంటుంది, అక్కడ కొన్ని రోజులు ఎండలో, వానలో తేలుతూ ఉండిపోయారు. పడవలో గొడవలు కూడా అయ్యాయి. నెల రోజులు, చిన్న వేదిక, పదిహేను పదిహేడు మంది. అవకుండా ఎలా ఉంటాయి.

నెల కావొస్తుండగా పక్షులు కనిపించాయి, తెల్లటి చిన్న టర్న్ పక్షులు. ఇక్కడ పక్షుల లెక్క చెప్పాలి. అన్ని సముద్ర పక్షులూ పనికిరావు. కొన్ని నెలల తరబడి సముద్రం మీదే ఉంటాయి, వాటి వెంట పడితే అంతే సంగతులు. కావాల్సినవి, రాత్రి నేల మీద పడుకునే పక్షులు. తెల్ల టర్న్‌లు, నాడీలు పొద్దున గూడు వదిలి చేపలకు వస్తాయి, సాయంత్రం సూటిగా దీవికి పోతాయి. మామూలుగా నేల నుంచి ముప్పై నలభై కిలోమీటర్ల లోపు తిరుగుతాయి. చదునైన పగడపు దీవి పడవ మీద నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే కనపడదు, కొబ్బరిచెట్ల తలలు మాత్రమే కనిపిస్తాయి. పక్షి వల్ల అదే దీవి చుట్టూ నలభై కిలోమీటర్ల గుండ్రం అయిపోతుంది. తువమోతులో ఇలాంటి గుండ్రాలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. వల అన్నది అందుకే. మన గండిపేట కొంగలు పొద్దుగూకేవేళ వరసగా ఎటు పోతాయో చూస్తే, వాటి చెట్టు ఎటుందో చెప్పొచ్చు, అదే సూత్రం.

ఆ తర్వాత మతైవా అనే చిన్న పగడపు దీవి దొరికింది. తువమోతుల్లో పడమటి చివరి దీవి అది. అంటే వల అంచున పడ్డారు, ఇంకాస్త పడమరకు పోయుంటే తప్పిపోయేవాళ్లు. అక్కణ్ణుంచి తహితికి మూడు వందల కిలోమీటర్లు. జూన్ 4న పపీతే రేవులో దిగితే 17,000 మంది ఒడ్డున ఉన్నారు. పిల్లలు ఎక్కి పడవ వెనక భాగం మునిగిపోయేంత పనైంది.

షార్ప్ వాదన దాంతో పూర్తిగా తప్పని తేలిందా? ఒక్క ప్రయాణం వల్ల, పాతకాలంలో సరిగ్గా ఇలాగే వెళ్లారని రుజువు కాదు. వెళ్లడం సాధ్యమే అని మాత్రం రుజువైంది. నాకు ఆ తేడా ముఖ్యం అనిపిస్తుంది.

కథ అక్కడితో అయిపోలేదు. గొడవలతో విసిగిపోయి మావ్ ఇంటికి వెళ్లిపోయాడు, తిరుగు ప్రయాణం పరికరాలతో చేశారు. 1978 మార్చిలో మావ్ లేకుండా మళ్లీ బయలుదేరితే, బరువు ఎక్కువై, గాలి ఉధృతంగా ఉండి, ఆ రాత్రే పడవ బోల్తా పడింది. ఎడ్డీ ఐకావ్ అనే సర్ఫర్, సాయం తెస్తానని తన సర్ఫ్‌బోర్డు మీద ఒడ్డు వైపు వెళ్లాడు. మిగతావాళ్లను కాపాడారు. ఎడ్డీ మాత్రం దొరకలేదు. వయసు 31.

తర్వాత నైనోవా థాంప్సన్ అనే హవాయి కుర్రాడు మావ్‌ను వెతుక్కుంటూ వెళ్లి, మాకు నేర్పండి అని అడిగాడు. మావ్ వాళ్ల దగ్గర ఈ విద్య బయటివాళ్లకు చెప్పేది కాదు. కానీ సతావల్‌లో కుర్రాళ్లు బడులకు, ఇంజిన్ పడవలకు మళ్లిపోయారు, నేర్చుకునేవాళ్లు లేరు. తనతోనే పోతుందని ఆయనకు తెలుసు. నేర్పాడు. ఒకరోజు ఒడ్డున నిలబెట్టి అడిగాడట, తహితి ఎటుంది చూపించు, నీకు కనిపిస్తోందా అని. కంటికి కనిపించట్లేదు, మనసులో కనిపిస్తోంది అన్నాడు నైనోవా. ఆ బొమ్మ పోగొట్టుకుంటే నువ్వు దారి తప్పినట్టే అన్నాడు మావ్.

1980లో నైనోవా సొంతంగా నడిపాడు. మావ్ పడవలోనే ఉన్నాడు, నోరు విప్పలేదు. నెల దగ్గరపడుతుండగా ఒక పొద్దున పక్షి కనిపించింది. పాఠం ప్రకారం, పొద్దున పక్షి దీవి నుంచి బయటకు వస్తుంది. కాబట్టి అది ఎటు పోతోందో దానికి ఎదురు వైపు దీవి. నైనోవా పడవను అటు తిప్పించాడు. ప్రయాణం మొత్తంలో అప్పుడు మావ్ మాట్లాడాడు: వెనక్కి తిప్పు, ఆ పక్షి వెంటే పో. ఎందుకో చెప్పలేదు. తిప్పారు. సుమారు గంటకి దీవి కనిపించింది. తర్వాత చెప్పాడు, పక్షి నోట్లో చిన్న చేప ఉంది, చూడలేదా అని. అది గూళ్లు పెట్టే కాలం. పిల్లలకు మేత తీసుకుని అది ఇంటికి పోతోంది. నైనోవాకు సూత్రం తెలుసు, పక్షిని కూడా చూశాడు. నోట్లో చేపను చూడలేదు. నెల రోజుల లెక్క అంతా సరిగ్గా చేసి, చివరి గంటలో ఎదురు దిక్కుకు పోయేవాడు.

2007లో సతావల్‌లో మావ్ ఒక వేడుక చేశాడు, ప్వో అంటారు, నావికుడిగా దీక్ష ఇవ్వడం. నైనోవాతో కలిపి అయిదుగురు హవాయి వాళ్లకు ఇచ్చాడు. 2010 జూలైలో మావ్ చనిపోయాడు. ఆయన నేర్పినవాళ్లు నేర్పినవాళ్లు ఇప్పుడు హోకులేఅ నడుపుతున్నారు.

పదకొండు కావొస్తోంది. స్వాతి నెత్తి మీదికి వచ్చేసింది, మెడ పట్టేసింది నాకు. హైదరాబాద్ వెలుగు వల్ల మొయినాబాద్‌లో చిన్న చుక్కలు కనపడట్లేదు, సదరన్ క్రాస్ బాగా చూడాలంటే చేవెళ్ల దాటి వెళ్లండి, మే నెలలోనే, తొమ్మిదింటికి, దక్షిణం వైపు చెట్లు లేని చోటు చూసుకుని. కింది చుక్క కింద మీకు ఎన్ని వేళ్లు పట్టాయో కామెంట్‌లో రాయండి. విజయవాడ వాళ్లకీ, ఆదిలాబాద్ వాళ్లకీ తేడా రావాలి, చూద్దాం. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని వెళ్లండి. ఉంటా మరి.